ఒకే చేతిలో మూడు వణుకులు: రిస్పెరిడోన్, లిథియం కలిపి వాడిన ఒక రోగి కేసు

ఈ కేసులోని రోగి 54 ఏళ్ల మహిళ, చాలాకాలం ఉపాధ్యాయినిగా పనిచేసినవారు. ఆమెను గుర్తుపట్టే వీలిచ్చే వివరాలు మార్చాను. మందులు, మోతాదులు, పరీక్షల ఫలితాలు, నా నిర్ణయాలు, వాటిలో దొర్లిన పొరపాట్లతో సహా ఇక్కడ రాస్తున్నాను. ఐదు నెలల వ్యవధిలో ఆమె చేతులు మూడు వేర్వేరు కారణాలతో వణికాయి. మూడో వణుకును నేను రెండోదే మళ్లీ వచ్చిందనుకుని మందు పెంచాను. ఆ ఐదు రోజుల ఆలస్యానికి ఆమె చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఆ మూడింటినీ విడదీసి చూడడం ఎలాగో చెప్పడానికే ఈ కేసును ఎంచుకున్నాను.

ఆమెకు బైపోలార్ రుగ్మత ఉంది. 11 ఏళ్లుగా రాత్రిపూట లిథియం కార్బొనేట్ 900 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. చివరి మోతాదు తర్వాత 12 గంటలకు తీసిన రక్తంలో లిథియం ప్రతిసారీ లీటరుకు 0.7, 0.8 మిల్లీమోల్స్ మధ్యనే ఉండేది. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 0.9, థైరాయిడ్ బాగానే ఉంది. ఏ రోజు ఏ మాత్ర వేసుకున్నదీ తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు ఆమెది. మొదట్లో నేను ఆ పుస్తకాన్ని మోతాదులు సరిచూసుకోవడానికి మాత్రమే తిరగేసేవాణ్ణి. అందులోని అక్షరాలు కూడా ఒక పరీక్షేనని తర్వాత అర్థమైంది.

అప్పటికే ఆమె చేతుల్లో సన్నటి వణుకు ఉంది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంటే కనిపించదు. ముందుకు చాచి, వేళ్లు విడదీసి, వాటిమీద ఒక తెల్లకాగితం ఉంచితే కాగితం అంచు వేగంగా, చిన్నగా అదురుతుంది. ఇది లిథియం మామూలు స్థాయిలో ఉన్నప్పుడు కూడా చాలామందిలో కనిపించే వణుకే. విషప్రభావానికి సూచన కాదు. రోగికి ఇబ్బందిగా ఉంటే కాఫీ తగ్గించమంటాం, మోతాదు కాస్త తగ్గించే వీలుందేమో చూస్తాం, లేదా ప్రొప్రనొలాల్ ఇస్తాం. ఆమెకు దానివల్ల ఇబ్బంది లేదు కాబట్టి అలాగే వదిలేశాం. పుస్తకంలో అక్షరాలు గుండ్రంగా, సమానంగా, గీత మీద నిలబడి ఉండేవి.

కూర్చోలేకపోవడం

కొన్ని వారాలు మాత్రలు సరిగా వేసుకోకపోవడంతో ఆమెకు మేనియా తిరగబెట్టింది. రాత్రికి రెండు మూడు గంటల నిద్ర, ఆగని మాటలు, అనవసరపు ఖర్చులు. రక్తంలో లిథియం 0.4 ఉంది. లిథియంను మళ్లీ క్రమంగా ఇప్పిస్తూ, దానితోపాటు రిస్పెరిడోన్ అనే యాంటీసైకోటిక్ మందును 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు రోజుల్లో 4కు పెంచాను. నిద్ర మెరుగైంది, మాటల వేగం తగ్గింది. అయితే ఎనిమిదో రోజున వార్డు సిబ్బంది ఆమె మళ్లీ నిలకడ లేకుండా తిరుగుతున్నారని, రాత్రంతా వరండాలో నడుస్తూనే ఉన్నారని చెప్పారు. మేనియా ఇంకా లొంగలేదనుకుని నేను రిస్పెరిడోన్‌ను 6కు పెంచాను. మరో మూడు రోజులకు పరిస్థితి ఇంకా దిగజారింది.

పదకొండో రోజున ఆమెతో విడిగా కూర్చుని మాట్లాడాను. మాట్లాడుతున్నంతసేపూ ఆమె పాదాలు నేలమీద ఒకదాని తర్వాత ఒకటి లేస్తూ, దిగుతూనే ఉన్నాయి. రెండు నిమిషాలకోసారి లేచి నిలబడి, మళ్లీ కూర్చుంటున్నారు. "నడవాలని ఉందా అమ్మా, కూర్చోలేకపోతున్నారా?" అని అడిగాను. "కూర్చుందామనే ఉందండీ, కాళ్లే ఒప్పుకోవడం లేదు. లోపల ఏదో తరుముతున్నట్టుంది," అన్నారు. ఆ ఒక్క జవాబుతో రోగనిర్ధారణ పూర్తయింది. మేనియాలో ఉన్న మనిషికి తిరగాలనే ఉంటుంది, అందులో వారికి సంతోషమో, ఏదో ఒక పనో ఉంటుంది. అకథీసియాలో మనిషి ఆగాలనుకుంటారు, ఆగలేరు, ఆ బాధ భరించరానిదిగా ఉంటుంది. యాంటీసైకోటిక్ మందు మెదడులో డోపమైన్ రిసెప్టార్లను అడ్డుకోవడం వల్ల వచ్చే కదలికల సమస్యల్లో ఇదొకటి. మెడ, కళ్లు ఒక పక్కకు లాగేసే డిస్టోనియా సాధారణంగా మొదటి కొద్ది రోజుల్లో వస్తుంది. అకథీసియా రోజుల నుంచి వారాల్లో, పార్కిన్సనిజం వారాల్లో వస్తాయి. టార్డివ్ డిస్కినీసియా నెలలు, ఏళ్ల వాడకం తర్వాత వస్తుంది.

అకథీసియాను ఆందోళనగా పొరబడి అదే మందును పెంచడం ఈ వృత్తిలో తరచుగా జరిగే తప్పు, నేను చేసింది అదే. దీన్ని చిన్న ఇబ్బందిగా చూడకూడదు, ఈ స్థితిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చు కాబట్టి ఆ మాట నేరుగా అడగాలి. ఆమెను అడిగాను, లేవన్నారు. రిస్పెరిడోన్‌ను 3కు తగ్గించాను. ఆస్తమా లేదని, నాడి నిమిషానికి 84 ఉందని చూసుకుని ప్రొప్రనొలాల్ 20 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇచ్చాను. నాలుగో రోజుకు ఆమె భోజనం అయ్యేవరకు ఒకేచోట కూర్చోగలిగారు. నెల తర్వాత ప్రొప్రనొలాల్‌ను నెమ్మదిగా ఆపేశాం.

కుదించుకుపోయిన అక్షరాలు

ఆరో వారంలో ఆమె నా గదిలోకి నడిచి వస్తుంటేనే తేడా కనిపించింది. అడుగులు చిన్నవయ్యాయి, చేతులు శరీరానికి అతుక్కున్నట్టు ఊగకుండా ఉన్నాయి. ముఖంలో కదలిక తక్కువగా ఉండడం చూసి కూతురు తల్లికి దిగులు పట్టుకుందనుకున్నారు. చేతులు ఒడిలో ఉంచుకున్నప్పుడు రెండూ నిదానంగా వణుకుతున్నాయి. మోచేతిని పట్టుకుని వంచి చాపితే పళ్లచక్రం తిరిగినట్టు ఆగి ఆగి కదిలింది. నోటుపుస్తకం తెరిస్తే గత మూడు వారాల రాత రోజురోజుకూ చిన్నదవుతూ వచ్చింది. ప్రతి వాక్యమూ మామూలు సైజులో మొదలై, చివరికొచ్చేసరికి చీమల బారులా కుదించుకుపోయింది.

ఇది మందువల్ల వచ్చిన పార్కిన్సనిజం. దీనిలోని వణుకుకు, లిథియం తెచ్చే సన్నటి వణుకుకు తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఇది చేతులు ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది, నెమ్మదిగా ఉంటుంది, బిగుతు, మందగమనం వెంటే ఉంటాయి. లిథియం వణుకు చేతులు చాచినప్పుడు వేగంగా కనిపిస్తుంది, బిగుతు ఉండదు. అయితే మందువల్ల వచ్చే పార్కిన్సనిజంలో చాచిన చేతుల్లో కూడా కొంత వణుకు ఉండవచ్చు. అందుకే వణుకు ఒక్కటే చూసి తేల్చకుండా మోచేతి బిగుతు, నడక, రాత మూడూ కలిపి చూస్తాను.

మొదటి చికిత్స మోతాదు తగ్గించడమే. మేనియా తగ్గుముఖం పట్టడంతో రిస్పెరిడోన్‌ను 2కు దించాను. మందు ప్రభావం తగ్గేలోపు ఉపశమనానికి ట్రైహెక్సిఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇచ్చాను. ఈ మందు మతిమరుపు, నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం వంటి ఇబ్బందులు తెస్తుంది, వయసు పైబడినవారిలో అయోమయం కలిగిస్తుంది. కనుక మూడు నెలల్లో ఆపేయాలని ఫైలు మీద రాసుకున్నాను. నెలలోపే నడక బాగుపడింది, అక్షరాలు మళ్లీ గీత మీదికి వచ్చాయి. అప్పుడు తీసిన లిథియం 0.8.

ఫోనులో తీసుకున్న నిర్ణయం

నాలుగో నెల చివర్లో ఒక సాయంత్రం కూతురు ఫోను చేశారు. "డాక్టర్‌గారూ, అమ్మ చేతులు మళ్లీ వణుకుతున్నాయండీ, గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోతున్నాయి," అన్నారు. ఆ "మళ్లీ" అన్న మాటను నేను అలాగే అందుకున్నాను. ట్రైహెక్సిఫెనిడిల్‌ను రోజుకు 6 మిల్లీగ్రాములు చేసి, వచ్చే వారం తీసుకురమ్మన్నాను. గ్లాసు పట్టుకున్నప్పుడు ఒలకడం అంటే ఊరికే ఉన్నప్పటి వణుకు కాదు, పని చేస్తున్నప్పటి వణుకు. అంటే మొదటి వాక్యంలోనే జవాబుంది, నేను వినలేదు. నడక తూలుతోందా, మాట ముద్దగా వస్తోందా, విరేచనాలు లేక వాంతులు అవుతున్నాయా, ఈ నెలలో ఏ డాక్టరైనా కొత్త మందు ఇచ్చారా అని కూడా అడగలేదు. లిథియం వేసుకునే రోగి చేతులు వణుకుతున్నాయని ఫోను వస్తే ఇప్పుడు ఈ నాలుగు ప్రశ్నలూ అడిగాకే మరో మాట మాట్లాడుతున్నాను. వాటిలో దేనికైనా అవునన్న జవాబు వస్తే ఆ రాత్రి లిథియం ఆపించి వెంటనే ఆసుపత్రికి రమ్మంటున్నాను.

ఐదో రోజున ఆమెను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. మాట ముద్దగా ఉంది, అడిగినదానికి ఆలస్యంగా జవాబిస్తున్నారు, తేదీ చెప్పలేకపోయారు. కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ నడుస్తున్నారు. చేతుల వణుకు ముందటి రెండింటిలా లేదు. పెద్దగా, లయ లేకుండా ఉంది, నా వేలిని తాకమంటే దగ్గరికి వచ్చేకొద్దీ ఎక్కువైంది. మధ్యమధ్యలో భుజం, తొడ కండరాలు ఒక్కసారిగా ఎగిరిపడుతున్నాయి. మోకాలి మీద తడితే కాలు చురుగ్గా లేస్తోంది. మోచేతిలో పళ్లచక్రపు బిగుతు దాదాపు లేదు. రెండు రోజులుగా పల్చటి విరేచనాలు అవుతున్నాయి. నోరు పూర్తిగా ఎండిపోయింది, దానిలో నేను పెంచిన ట్రైహెక్సిఫెనిడిల్ వాటా కూడా ఉంది. నోటుపుస్తకంలో చివరి వారం పేజీల్లో అక్షరాలు పెద్దవై, గీతలు దాటి, విరిగిన కర్రపుల్లల్లా పడి ఉన్నాయి. చివరి రెండు రోజులు ఏమీ రాయలేదు.

మందుల సంచీని బల్ల మీద బోర్లించమన్నాను. రక్తపోటుకు మూడు వారాల కిందట మరో డాక్టరు మొదలుపెట్టిన హైడ్రోక్లోరోథయాజైడ్ 25 మిల్లీగ్రాములు, మోకాలి నొప్పికి పది రోజులుగా రోజుకు రెండుసార్లు వేసుకుంటున్న డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు అందులో ఉన్నాయి. రెండూ చాలా సాధారణమైన మందులు, విడివిడిగా చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

లిథియంకు శరీరంలో కాలేయంతో పని లేదు, అది దాదాపు పూర్తిగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. మూత్రపిండం దాన్ని సోడియంలాగే చూస్తుంది. థయాజైడ్ మందు సోడియంను బయటికి పంపేసినప్పుడు మూత్రపిండం ఆ లోటు పూడ్చుకోవడానికి నాళాల మొదటి భాగంలో సోడియంను ఎక్కువగా వెనక్కి లాక్కుంటుంది, దానితోపాటు లిథియంను కూడా లాక్కుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి నొప్పి మాత్రలు మూత్రపిండంలోకి రక్తప్రవాహాన్ని తగ్గిస్తాయి, దాంతో లిథియం బయటికి పోవడం మరింత మందగిస్తుంది. విరేచనాలతో నీరు, ఉప్పు పోతే ఇదే చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, లోసార్టాన్ జాతి మందులు కూడా ఇదే పని చేయగలవు. నొప్పికి ఏదైనా తప్పనిసరైతే పారాసిటమాల్ మేలు.

రక్తపరీక్ష దగ్గర ఒక చిన్న అవాంతరం ఎదురైంది. మొదటి నమూనాను పచ్చమూత గొట్టంలో తీశారు. ఆ గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా పూసే పదార్థం లిథియం హెపారిన్, కనుక అందులో కొలిచిన లిథియం ఎప్పుడూ తప్పుగా ఎక్కువే చూపుతుంది. ల్యాబ్ టెక్నీషియన్ గమనించి వెనక్కి పంపారు. మరో గొట్టంలో మళ్లీ తీశాం. చివరి మోతాదు వేసుకుని 14 గంటలైంది, లిథియం 2.3 మిల్లీమోల్స్. క్రియాటినిన్ 1.6, సోడియం 146. ఈసీజీలో నాడి నిమిషానికి 56, టీ తరంగాలు చదునుగా ఉన్నాయి. జ్వరం లేదు, శరీరమంతా ఇనపకడ్డీలా బిగుసుకుపోవడం లేదు, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే మామూలుగా ఉంది. కనుక యాంటీసైకోటిక్ మందుల వల్ల వచ్చే ప్రమాదకరమైన న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కాదని నిర్ధారించుకున్నాం.

2.3 అన్న అంకె చూసి కొందరు ఈ లిథియం విషప్రభావం మధ్యరకం తీవ్రతేనంటారు. ఒక్కసారిగా ఎక్కువ మాత్రలు మింగిన మనిషి రక్తంలో లిథియం ఇంతకన్నా చాలా ఎక్కువున్నా మెదడులోకి అప్పటికింకా చేరి ఉండదు, కాబట్టి మొదట్లో వాంతులు, విరేచనాలే ముందుకొస్తాయి. ఏళ్ల తరబడి వాడుతున్న మనిషిలో వారాలపాటు నెమ్మదిగా పేరుకున్న లిథియం కణాల లోపలికి చేరిపోయి ఉంటుంది. రక్తంలోని అంకె లోపల జరుగుతున్నదాన్ని చాలా తక్కువచేసి చూపుతుంది. ఇలాంటివారిలో 1.5 దగ్గర కూడా తీవ్రమైన లక్షణాలు ఉండవచ్చు. అందుకే అంకెను బట్టి కాక మనిషిని బట్టి నిర్ణయించాలి, ఆమె అప్పటికే అయోమయంలో ఉన్నారు.

లిథియం, థయాజైడ్, డైక్లోఫెనాక్, ట్రైహెక్సిఫెనిడిల్ అన్నీ ఆపేశాం. రిస్పెరిడోన్ కూడా తాత్కాలికంగా నిలిపాం. బొగ్గుపొడి ఇవ్వలేదు, అది లిథియంను పట్టుకోదు. 0.9 శాతం సెలైన్‌ను గంటకు 150 మిల్లీలీటర్ల చొప్పున మొదలుపెట్టాం. ఇక్కడొక చిక్కు ఉంది. దీర్ఘకాలం లిథియం వాడినవారి మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచే శక్తి కోల్పోయి ఉండవచ్చు, అటువంటివారికి సెలైన్ మాత్రమే ఎక్కిస్తూ పోతే నీరు బయటికి పోయి సోడియం పెరిగిపోతుంది. అందుకే నాలుగు గంటలకోసారి సోడియం చూశాం. ఎనిమిదో గంటకు 150కి చేరింది, గంటకు 200 మిల్లీలీటర్లకు పైగా నీళ్లలాంటి మూత్రం వస్తోంది. వెంటనే 5 శాతం డెక్స్‌ట్రోజ్‌కు మార్చాం, మర్నాటికి సోడియం నెమ్మదిగా 144కు దిగింది.

ఆరు గంటల్లో లిథియం 2.3 నుంచి 2.2కు మాత్రమే తగ్గింది. ఆ వేగంతో 1.0 కంటే దిగువకు రావడానికి 36 గంటలు దాటుతుందని స్పష్టమైంది, మనిషి అయోమయంలో ఉన్నారు, మూత్రపిండాలు సరిగా పనిచేయడం లేదు. మూత్రపిండాల నిపుణులతో మాట్లాడి హీమోడయాలసిస్ చేయించాం. లిథియం ప్రొటీన్లకు అతుక్కోదు, చిన్న అయాన్, కనుక డయాలసిస్‌లో బాగా పోతుంది. ఐదు గంటల తర్వాత 1.0 వచ్చింది. కుటుంబం ఊపిరి పీల్చుకుంది, కానీ ఎనిమిది గంటల తర్వాత తీసిన నమూనాలో మళ్లీ 1.4 ఉంది. కణాల లోపల దాగి ఉన్న లిథియం రక్తంలోకి తిరిగి రావడమే దీనికి కారణం. డయాలసిస్ అయిన వెంటనే వచ్చిన అంకెను నమ్మి ఇంటికి పంపితే రోగి మళ్లీ దిగజారుతారు. రెండోసారి డయాలసిస్ తర్వాత 0.6 వచ్చి, 12 గంటల తర్వాత 0.7 దగ్గర నిలిచింది.

"రిపోర్టు నార్మల్ అయింది కదండీ, అమ్మ ఇంకా అలాగే ఉందేంటి?" అని కూతురు మూడో రోజు అడిగారు. మెదడులోంచి లిథియం బయటికి రావడానికి రక్తం కన్నా ఎక్కువ కాలం పడుతుందని, అంకెలు ముందు, మనిషి తర్వాత కోలుకుంటారని చెప్పాను. అయోమయం ఆరో రోజుకు పోయింది. మాట రెండు వారాలకు స్పష్టమైంది, చేతి వణుకు మూడు వారాలకు తగ్గింది. క్రియాటినిన్ 1.1 దగ్గర ఆగింది.

తర్వాత ఏ మందు ఇవ్వాలన్న ప్రశ్నకు సులువైన జవాబు లేదు. 11 ఏళ్లు కాపాడిన మందును వదులుకోవడం ఆమెకు ఇష్టం లేదు. కారణమైన మందులు తీసేస్తే లిథియంను తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టే వీలు కొందరిలో ఉంటుంది. ఆమె విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే మడమ, వేలు కలిపి ఒకే గీతమీద నడవమంటే ఆమె ఇంకా పక్కకు తూలుతున్నారు. చిన్నమెదడుకు తగిలిన దెబ్బ కొందరిలో లిథియం ఆపేసినా మిగిలిపోతుంది. రెండు నెలలు దాటినా లక్షణాలు ఉంటే అవి శాశ్వతం కావచ్చని పరిగణిస్తారు. రాత్రిపూట క్వెటియాపిన్ మొదలుపెట్టి వారాల మీద 300 మిల్లీగ్రాములకు తెచ్చాం. ఇది కదలికల ఇబ్బందులను తక్కువగా తెస్తుంది, కానీ బరువు, చక్కెర, కొలెస్ట్రాల్ క్రమం తప్పకుండా చూడాలి.

మూడో నెలలో వచ్చినప్పుడు ఆమె నోటుపుస్తకం తానే తెరిచి నా ముందుంచారు. అక్షరాలు చాలావరకు గుండ్రంగా వచ్చాయి, వరుస చివర మాత్రం కొద్దిగా కిందికి జారుతున్నాయి. గీతమీద పది అడుగులు వేయమంటే ఆరు అడుగులు తిన్నగా వేసి, ఏడో అడుగులో గోడను పట్టుకున్నారు.